‘శ్రీరస్తు’లో చిల్లు: అక్షరాలను కర్వ్స్ ఎప్పుడు చేయాలి, ఎప్పుడు మానాలి

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లి శుభలేఖను కోరల్‌డ్రాలో నేనే తయారుచేశాను. ప్రెస్‌వారు ‘అక్షరాలన్నీ కర్వ్స్ చేసి పంపండి’ అంటే అలాగే పంపాను. నమూనా ప్రతిలో ‘శ్రీరస్తు’లో వత్తు తగిలిన చోట తెల్లని చిల్లు పడింది, చిరునామాలోని చిన్న అక్షరాలు లావెక్కాయి. ఇప్పుడు ముహూర్తం నిమిషాలు మార్చాలంటే అక్షరాలు దిద్దడానికే వీలు కావడం లేదు. తప్పు ఎక్కడ జరిగింది? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఈ ఫిర్యాదు చిరునామా మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ప్రెస్‌వారు కర్వ్స్ అడగడానికి కారణం లేకపోలేదు. మన డీటీపీలో దశాబ్దాలుగా వాడుతున్న పాత తెలుగు ఫాంట్లలో చాలావాటిలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే వధూవరుల పేర్ల బదులు ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. యూనికోడ్ ఫాంటు వాడితే అంత ఘోరం జరగదు కానీ, వేరే ఫాంటు వచ్చి చేరినప్పుడు పంక్తులు విరిగే చోట్లు మారిపోతాయి. కర్వ్స్ చేసి, అంటే అక్షరాన్ని గీతల బొమ్మగా మార్చేస్తే ఈ రెండు బెడదలూ తప్పుతాయి. అయితే పేజీలో ఏముందో, దాన్ని ఏ యంత్రం మీద అచ్చువేస్తారో చూడకుండా ‘అన్నీ కర్వ్స్ చేయండి’ అనడం మాత్రం అలవాటే తప్ప పద్ధతి కాదు.

ముందు చిల్లు సంగతి చూద్దాం. పాత ఫాంట్లలో ‘స్తు’ ఒకే ఆకారం కాదు. ‘సు’ భాగం, దాని కిందికి జరిగి కూర్చునే తవత్తు వేర్వేరు ముక్కలుగా ఉండి, ఒకదానిపై ఒకటి కొద్దిగా ఎక్కుతాయి. అవి అక్షరాలుగా ఉన్నంత కాలం సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క ముక్కకూ విడిగా రంగు నింపుతుంది కనుక, నలుపు మీద నలుపు పడి ఏమీ తెలియదు. Ctrl+Q నొక్కి కర్వ్స్ చేసినప్పుడు కోరల్‌డ్రా ఆ ముక్కలన్నింటినీ ఒకే వస్తువుగా కలుపుతుంది. ఒకే వస్తువులో రెండు ఆకారాలు ఒకదానిపై ఒకటి పడిన చోటును అది ఖాళీగా లెక్కవేస్తుంది. సున్న లోపలి భాగం తెల్లగా ఉండేది కూడా ఈ లెక్క వల్లనే, మీ వత్తు దగ్గర చిల్లు పడింది కూడా ఈ లెక్క వల్లనే.

ఇక్కడ చాలామంది ఆ కర్వ్స్ మీదే Break Apart ప్రయోగిస్తారు. చిల్లు పోతుంది, నిజమే; దానితో పాటు సున్న కూడా నిండిపోయి నల్లని చుక్క అవుతుంది. ఆకారాలను అతికి ఒకటి చేసే Weld ఒక్కటే ప్రయోగించినా పనిచేయదు, ఎందుకంటే ఒక్క వస్తువును దానితోనే వెల్డ్ చేస్తే చిల్లు రూపం మారదు. పాత ఫాంటయితే వరుస ఇలా ఉండాలి: అక్షరాలు ఇంకా అక్షరాలుగా ఉన్నప్పుడే Ctrl+K నొక్కి వాటిని పంక్తులుగా, మాటలుగా, చివరికి విడి ముక్కలుగా చేసి, అప్పుడు ఆ ముక్కలను కర్వ్స్ చేసి, ఎక్కడ ఒకదానిపై ఒకటి ఎక్కాయో అక్కడ మాత్రం రెండింటినీ ఎంచుకుని Weld చేయాలి. యూనికోడ్ ఫాంటులో ఇలా అక్షరం దాకా విడగొడితే గుణింతాలు చెదిరే ప్రమాదం ఉంది కనుక మాటల దగ్గరే ఆగి, కర్వ్స్ చేశాక ఫిల్ లక్షణాల్లో Fill Winding ఎంచుకుంటే సాధారణంగా చిల్లు మూసుకుపోతుంది. శుభలేఖ మొత్తానికి ఇంత శ్రమ అక్కరలేదు. శీర్షికకూ, పేర్లకూ చేస్తే చాలు.

చిన్న అక్షరాలు లావెక్కడానికి కారణం వేరు. అచ్చుయంత్రానికి పేజీని చుక్కలుగా మార్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని ఒక రకంగానూ, బొమ్మను మరొక రకంగానూ చూస్తుంది. బొమ్మ అంచు ఒక చుక్కను కొద్దిగా తాకినా ఆ చుక్క మొత్తం నల్లబడుతుంది. ఫాంటుగా వచ్చిన అక్షరానికి గీత మందాన్ని అదుపుచేసే సూచనలు తోడుంటాయి. అంగుళానికి 600 చుక్కల డిజిటల్ యంత్రంలో ఒక చుక్క సుమారు 0.04 మిల్లీమీటర్లు ఉంటుంది. చిరునామాలోని గీత 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్క చుక్క పెరిగినా అది అయిదో వంతు లావెక్కినట్లే. 2400 చుక్కల ఆఫ్‌సెట్ ప్లేటు మీద అదే పెరుగుదల ఇరవయ్యో వంతు కనుక కంటికి ఆనదు. నమూనా ప్రతి డిజిటల్ యంత్రంలో తీసినదో, అసలు ప్లేటు నుంచి తీసినదో ముందు అడగండి. మొదటిదైతే, చివరి అచ్చు ఆఫ్‌సెట్ అయిన పక్షంలో ఆ లావు గురించి దిగులు పడనక్కరలేదు.

ముహూర్తం నిమిషాల విషయంలో మాత్రం నేను మిమ్మల్నే తప్పుపడతాను. కర్వ్స్ చేసిన ఫైలును అసలు ఫైలు పేరుతోనే సేవ్ చేయడం వల్ల అక్షరాలు శాశ్వతంగా పోయాయి. ఇప్పుడు ఆ పంక్తిని మళ్లీ టైపు చేయడం తప్ప దారి లేదు. ఇకపై అసలు ఫైలును ముట్టుకోకుండా, పీడీఎఫ్ తీసే సమయంలోనే నిర్ణయం తీసుకోండి. కోరల్‌డ్రా పీడీఎఫ్ అమరికల్లో ఫాంట్లను పొదిగే వీలు ఉంది, Export all text as curves అనే వీలూ ఉంది. తీసిన పీడీఎఫ్‌ను రీడర్‌లో తెరిచి, Properties లోని Fonts భాగంలో ప్రతి ఫాంటు పక్కన Embedded అని గానీ, Embedded Subset అని గానీ ఉందో లేదో చూడండి. ఉంటే ఆ ఫైలును నేరుగా ప్లేటుకు పంపే ప్రెస్‌కు అదే చాలు, కర్వ్స్ అవసరమే లేదు. మన ఊళ్లలో చిక్కంతా ఎక్కడంటే, చాలామంది ఆపరేటర్లు పీడీఎఫ్‌ను అలాగే వాడకుండా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పేజీలు పేరుస్తారు. అలా తెరిచినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ లోపల పొదిగిన ఫాంటును కాక ఆపరేటర్ కంప్యూటర్‌లోని ఫాంటును వెతుకుతుంది, అది లేకపోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే పంపేముందు ‘పీడీఎఫ్‌ను తెరుస్తారా, నేరుగా వాడతారా?’ అని అడగాలి. తెరుస్తామంటే కర్వ్స్ పీడీఎఫ్ ఇవ్వండి, పంపేముందు పెద్దదిగా చేసి వత్తులన్నీ చూసుకోండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండూ కాని మూడో దారి: ‘ఫాంట్లు పంపండి, వేసుకుంటాం’ అనడం. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి వందల ఫాంట్లున్న జిప్ ఫైలు ఒక దుకాణం నుంచి మరొక దుకాణానికి తిరుగుతూ ఉంటుంది. ఫాంటు అంటే వట్టి అక్షరాల పెట్టె అని అందరి నమ్మకం. 2011లో బయటపడిన డుకు అనే మాల్‌వేర్ విండోస్ ట్రూటైప్ ఫాంట్లను చదివే తీరులోని లోపం గుండానే వర్డ్ ఫైలు ద్వారా కంప్యూటర్లలోకి చొరబడింది. 2020 మార్చిలో విండోస్ ఫాంట్ లైబ్రరీలోని మరో లోపాన్ని దాడులకు వాడుతున్నారని మైక్రోసాఫ్ట్ స్వయంగా హెచ్చరించింది. ఆ ఏడాది జనవరిలోనే విండోస్ 7కు ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ కొత్త వ్యవస్థల్లో మొరాయిస్తుందన్న కారణంతో ప్రెస్‌లు ఇంకా అలాంటి కంప్యూటర్లనే నడుపుతున్నాయి, వాటినే ఇంటర్నెట్‌కూ కలుపుతున్నాయి. కొత్త వ్యవస్థ మీద నడిచే రూపాన్ని ఇవ్వకుండా ఖాతాదారును పాత యంత్రానికి కట్టిపడేసే సాఫ్ట్‌వేర్ తయారీదార్లను ఇందులో క్షమించలేం. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ అయినా, కర్వ్స్ అయినా సరే, ఫాంటు ఫైలును మాత్రం పంపకండి, పుచ్చుకోకండి. చాలా ఫాంట్ల లైసెన్సు కూడా అలా పంచడానికి ఒప్పుకోదు.

ఇంతకీ కర్వ్స్ తప్పనిసరైన పనులు కొన్ని ఉన్నాయి. మీ శుభలేఖ మీద బంగారు ఫాయిల్‌తో పేర్లు వేయిస్తున్నా, మండపం దగ్గర పెట్టే బోర్డుకు వినైల్ కట్టింగ్ చేయిస్తున్నా, ఆ పని చేసేవారికి గీత తప్ప ఫాంటు పనికిరాదు. అక్కడ ముక్కలను Weld చేయకుండా వదిలితే కటింగ్ ప్లాటర్ బ్లేడు వత్తు మీదుగా కూడా కోసుకుంటూ పోతుంది, తర్వాత స్టిక్కర్ ఊడదీసేటప్పుడు ‘స్తు’ నుంచి వత్తు విడిగా ఊడి వస్తుంది. పంపేముందు కోరల్‌డ్రాలో Wireframe చూపు పెట్టండి. అక్షరం లోపల అడ్డంగా ఒక్క గీత కనిపించినా ఆ చోట వెల్డ్ ఇంకా మిగిలి ఉన్నట్లే.