మేనేజర్ మెచ్చుకున్నాడు, మరి ప్రమోషన్ ఏది?

"మా అమ్మాయి బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగున్నరేళ్లుగా టెస్టింగ్‌లో చేస్తోంది. ఈసారి కూడా 5కి 3 రేటింగే, 7 శాతం హైక్, ప్రమోషన్ లేదు. రెండేళ్ల అప్రైజల్ కాగితాలు వాట్సాప్‌లో పంపింది, చదివితే అన్నీ మెచ్చుకోళ్లే. మేనేజర్ పైకొకటి లోపలొకటి అని మా అనుమానం. పోర్టల్‌లో "అక్నాలెడ్జ్" బటన్ ఇంకా నొక్కలేదు, రిజైన్ చేస్తానంటోంది. నేను పోస్టల్‌లో చేసి రిటైరయ్యాను, ఈ కంపెనీల పద్ధతులు నాకు తెలియవు. పేర్లు కొట్టేసి ఆ కాగితాలు మీకు పంపుతున్నాను. ఏం చెయ్యమంటారు?" (ఒంగోలు నుంచి ఒక తండ్రి)

తెలియకపోవడం ఏంటండీ, పోస్టల్‌లో చేశారంటే, పనితీరు మీద పై అధికారి ఏటా రాసే ఏసీఆర్‌ల గోల చూసే ఉంటారు. "గుడ్" అని రాశారుగా, మంచిదేలే అనుకుంటాం, తీరా చూస్తే ఆ పోస్టుకి బెంచ్‌మార్క్ "వెరీ గుడ్" అయి ఉంటుంది, ప్రమోషన్ ఆగిపోతుంది, ఎందుకాగిందో మనిషికి తెలియదు. 2008లో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి కేసులోనే, ఏ ఎంట్రీ రాసినా ఉద్యోగికి తెలియజేయాల్సిందే అని చెప్పింది. మీ అమ్మాయికి కాగితమైతే చూపించారు. కానీ అందులో మంచి మాట ఏది, ప్రమోషన్‌కి పనికొచ్చే మాట ఏది అన్నది విడదీసుకోవాల్సింది మనమే.

ముందు ఆ 3 సంగతి. అందరూ చివరి పేజీలో రేటింగ్ చూసి మూసేస్తారు, మీరు రెండో పేజీలో ఉన్న గోల్స్ పట్టిక చూడండి. నాలుగు గోల్స్, వాటికి 40, 30, 20, 10 శాతం వెయిటేజీ. మేనేజర్ మొదటి రెండింటికి 4 చొప్పున, మిగతా రెండింటికి 3 చొప్పున ఇచ్చాడు. లెక్క వేస్తే 1.6, 1.2, 0.6, 0.3, మొత్తం 3.7. తుది రేటింగ్ మాత్రం 3. కొన్ని కంపెనీల్లో పాయింట్లు తీసేసి కింది అంకెనే వేస్తారు, అదేమో హెచ్ఆర్‌ని ఒక్క మాట అడిగితే తెలుస్తుంది. అది కాకపోతే మేనేజర్ 4కి దగ్గరగా పంపింది క్యాలిబ్రేషన్‌లో దిగిందన్నమాట. క్యాలిబ్రేషన్ అంటే ఆ విభాగంలోని మేనేజర్లంతా కూర్చుని ఎవరి మనిషికి ఎంత అని పక్కపక్కన పెట్టి చూసే మీటింగ్. 4లు, 5లు ఇన్నే అని పైనుంచి పరిమితి ఉంటుంది కాబట్టి, మిగతా మేనేజర్లకి ముఖం తెలియని మనిషి ముందు కిందికి జారుతుంది. కాబట్టి మేనేజర్ కక్ష అన్న మీ అనుమానానికి ఈ పట్టికలో ఆధారం లేదు, సరికదా అతనే ఎక్కువ ఇచ్చినట్టు కనిపిస్తోంది. హైక్ గురించి పెద్దగా ఆలోచించొద్దు, అది రేటింగూ, ఆ లెవెల్ జీతాల పరిధిలో ఆమె ఇప్పుడెక్కడుందన్నదీ కలిపి వచ్చే అంకె, పనితనం గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

ఇక కామెంట్లు. ఇక్కడే కాస్త ఓపిక కావాలి. రెండేళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి, ఒక్కో వాక్యం ఎవరన్నారు, ఉదాహరణ ఇచ్చారా లేదా అని చూశాను. "మంచి టీమ్ ప్లేయర్, ఎప్పుడడిగినా సాయం చేస్తుంది" అన్నది రెండేళ్లూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. అది పోయినేడాది దాంట్లోంచి కాపీ కొట్టిందే, దాన్ని లెక్కలోంచి తీసేయండి. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని ఒక్కచోట ఉంది, ఏ సందర్భమో రాయలేదు, దాన్నీ పక్కన పెట్టండి (ఈ మాట నేను చూసిన సగం అప్రైజళ్లలో ఉంటుంది, ఏమీ తోచనప్పుడు రాసేది). అసలు విషయం మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. పోయినేడు మేనేజర్, "రిస్కులు ముందే చెప్పాలి" అన్నాడు. ఈ ఏడు క్లయింట్ వైపు లీడ్, "రిలీజ్ ఆలస్యమవుతుందని మాకు ఆఖరి వారంలో తెలిసింది" అన్నాడు. తోటి ఉద్యోగి ఎవరో అభిమానంగానే, "భారమంతా ఒక్కతే మోస్తుంది, సాయం అడగదు" అని రాశారు. ఈ చివరిది చదివి మీరు మురిసిపోయి ఉంటారు, కానీ మూడూ ఒకటే మాటండీ: ఇబ్బంది వచ్చినప్పుడు తనలోనే పెట్టుకుని, రాత్రిళ్లు కూర్చుని సర్దేద్దామని చూస్తుంది, కుదరనప్పుడు చివర్లో బయటపడుతుంది. ఒకే మాట రెండుసార్లు కనిపిస్తే అది కాపీ కావచ్చు, ఒకే విషయం వేర్వేరు మనుషుల నోట వేర్వేరు మాటల్లో వస్తే దాన్ని నమ్మాలి.

ఇప్పుడు ప్రమోషన్. అది రేటింగ్‌లో లేదు. ఇప్పుడున్న పని బాగా చేసినందుకు రేటింగ్ ఇస్తారు, పై లెవెల్ పని ఇప్పటికే కొంత చేస్తోందని నమ్మితే ప్రమోషన్ ఇస్తారు. అందుకే గోల్స్ కింద రాసిన క్రియలు చూడమంటాను. "టెస్ట్ కేసులు పూర్తి చేసింది", "రిలీజ్‌కి సహకరించింది", "కొత్తవాళ్లకి సాయం చేసింది". అంతా చేసిందే, చేయించింది ఒక్కటీ లేదు. టెస్ట్ లీడ్ అంటే పని ఎన్ని రోజులు పడుతుందో అంచనా కట్టడం, నలుగురికి పంచడం, రిలీజ్‌కి వెళ్లొచ్చో లేదో క్లయింట్‌కి చెప్పడం. ఆఖరి వారందాకా రిస్క్ చెప్పని మనిషికి ఆ కుర్చీ ఇవ్వడానికి ఎవరైనా జంకుతారు కదా.

ఇంకో గడి ఉంది, "తదుపరి స్థాయికి సంసిద్ధత" అని. ఈ ఏడు "12 నుంచి 18 నెలలు" అని ఉంది. వినడానికి బాగానే ఉంది. కానీ పోయినేడు కూడా 12 నుంచి 18 నెలలే! ఏడాది గడిచాక అది తగ్గాలి కదా, తగ్గలేదంటే ఆ నెలల్ని ఎవరూ లెక్కపెట్టడం లేదు.

ఈ కాగితం చెప్పలేనిది ఒకటుంది, వచ్చే ఏడు ఆ టీమ్‌లో లీడ్ పోస్టు అసలు ఖాళీ ఉంటుందా అన్నది. రిజైన్ చెయ్యాలా వద్దా అన్నది దాని మీదే ఉంది. కాబట్టి అమ్మాయిని మేనేజర్‌తో అరగంట కూర్చోమనండి. "నాకు ప్రమోషన్ ఎందుకివ్వలేదు" అని మొదలుపెడితే అతను సర్దిచెప్పే ధోరణిలోకి వెళ్లిపోతాడు. దాని బదులు, "వచ్చే సైకిల్‌లో లీడ్ పోస్టు ఉంటుందా, పేర్లు ఎప్పటికల్లా పంపాలి, వచ్చే రిలీజ్‌కి ఎస్టిమేషనూ వారంవారం రిస్క్ రిపోర్టూ నాకిస్తారా" అని అడగమనండి. చాలా చోట్ల లెటర్లు మే, జూన్‌లో వచ్చినా పేర్లు దానికి కొన్ని నెలల ముందే వెళ్లిపోతాయి, అంటే మార్చిలో చేసిన ఘనకార్యం ఆ ఏటికి అక్కరకు రాదు. పోస్టు ఉంది, ఆ పని ఇస్తానన్నాడంటే ఆగమనండి, ఆ మాటని అదే రోజు మెయిల్‌లో రాసి పంపమనండి. "చూద్దాం, బిజినెస్‌ని బట్టి" అని రెండోసారి కూడా అంటే వేరే ఉద్యోగం వెతకడంలో తప్పు లేదు, కానీ ఆఫర్ చేతికొచ్చాకే రిజిగ్నేషన్. ఎలాగూ రెండు మూడు నెలల నోటీసు పీరియడ్ ఉండి ఉంటుంది, అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడండి.

పోర్టల్‌లో "అక్నాలెడ్జ్" బటన్ ఇంకా నొక్కలేదని రాశారు. మామూలుగా దానర్థం చదివానని మాత్రమే, ఒప్పుకున్నానని కాదు, అక్కడ రాసింది ఒకసారి చూసి నొక్కమనండి. దాని పక్కనే ఉద్యోగి కామెంట్ల పెట్టె ఉంటుంది, అందులో కోపంగా ఏమీ రాయకుండా, 3.7 తుదికి 3 ఎలా అయిందో వివరం కోరుతున్నానని ఒక్క వాక్యం రాస్తే చాలు.