సన్మాన సభలో సంతాప వాక్యాలు

సందేహం: మా గుడి అర్చకులు 32 ఏళ్ల సేవ తరువాత విరమిస్తున్నారు. వీడ్కోలు సభ కోసం “సాక్షాత్తు దైవస్వరూపులైన మా స్వామివారు అందరితో ఆప్యాయంగా మాట్లాడేవారు. వారు లేని లోటు తీరనిది” అని రాసుకున్నాను. విన్నవాళ్లు సంతాప సభలా ఉందంటున్నారు. ఇందులో తప్పేమిటి?

సమాధానం: వ్యాకరణ దోషమేమీ లేదు. మొదటి చిక్కు ‘మాట్లాడేవారు’ అన్న క్రియతో వచ్చింది. ఒకప్పుడు అలవాటుగా జరిగి ఇప్పుడు ఆగిపోయిన పనిని ఈ రూపం చెబుతుంది. కనుక విధులకు ఇది చక్కగా సరిపోతుంది: “తెల్లవారకముందే వచ్చి తలుపులు తీసేవారు” అంటే ఇకపై ఆ బాధ్యత మరొకరిదని అర్థం. స్వభావం అలా కాదు. అర్చకత్వం విరమించినంత మాత్రాన ఆప్యాయత విరమించరు కదా! అందువల్ల గుణాన్ని చెప్పేటప్పుడు ‘ఆప్యాయంగా మాట్లాడతారు’ అనీ, ఇన్నేళ్లుగా సాగిన సేవను చెప్పేటప్పుడు ‘చేస్తూ వచ్చారు’ అనీ రాస్తే మనిషి మన ఎదుటే ఉన్నట్టు వినిపిస్తుంది.

‘తీరని లోటు’ మాత్రం వాడుకలో పూర్తిగా సంతాప సందేశాల సొత్తయిపోయింది. పైగా, ఆ సభలోనే కూర్చున్న కొత్త అర్చకుణ్ణి అది చిన్నబుచ్చుతుంది కూడా. ఇలాంటి వాక్యాలను పట్టుకోవడానికి, ‘వారు’ అన్నచోట ‘మీరు’ పెట్టి వేదిక మీద ఉన్న ఆయనతోనే అంటున్నట్టు చదివి చూడండి. “మీరు లేని లోటు తీరనిది” అని ముఖాన అనడానికి నోరు రాదు. “మీరు పిల్లలకు కూడా అర్థమయ్యేలా సంకల్పం చెప్పించారు” అనడానికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక ‘సాక్షాత్తు దైవస్వరూపులు’ అన్న విశేషణాన్ని తీసివేయమనే నా సలహా. జీవితమంతా దేవుడికి కైంకర్యం చేసిన వ్యక్తిని దేవుడి స్థానంలోనే కూర్చోబెడితే ముందుగా ఇబ్బంది పడేది ఆయనే. ‘స్వామివారు’ అన్న మాటా గుడిలో మూలవిరాట్టుకే చెల్లుతుంది. “స్వామివారికి శాలువా కప్పుతారు” అని ప్రకటిస్తే ఎవరికన్న అనుమానం రాక తప్పదు. పేరుకు ‘గారు’ చేర్చితే గౌరవం ఏమీ తగ్గదు. విశేషణం పోయిన చోట మీరు కళ్లారా చూసిన పని ఒక్కటి చెప్పండి. నేనైతే ఇలా రాస్తాను (వివరాలు మీ అర్చకులకు తగినట్టు మార్చుకోండి):

“32 ఏళ్లుగా మీరు మా గుడిలో నిత్యార్చన చేస్తూ వచ్చారు. ఆలస్యంగా వచ్చిన ముసలివాళ్ల కోసం హారతి పళ్లెం మళ్లీ తెచ్చేవారు. గోత్రం తెలియదని తడబడిన వాళ్లను ఎన్నడూ చిన్నబుచ్చలేదు. ఇకపై మీరు గర్భాలయంలో కాక మా మధ్య నిలబడి దర్శనం చేసుకుంటారు. మీ పక్కన నిలబడే అవకాశం మాకు ఇప్పుడు దొరికింది.”

ఇందులో ‘తెచ్చేవారు’ అన్న రూపాన్ని కావాలనే ఉంచాను, అది విధి కనుక.