ఇన్ఫోగ్రాఫిక్‌లోని మాటలను ఏ వరుసలో ఎత్తిరాయాలి?

ప్రశ్న: ఒక ఇన్ఫోగ్రాఫిక్‌లో మాటలు నలుమూలలా ఉన్నాయి. దాని అర్థం చెప్పకుండా, ఉన్న మాటలను మాత్రమే సరైన వరుసలో ఎలా రాయాలి?

జవాబు: పై నుంచి కిందికి గీత గీసినట్టు చదవకండి. ఏ మాట దేనికి చెందిందో చూసి, దాన్ని దాని పక్కనే ఉంచండి.

నీటి చక్రం గురించిన బొమ్మ అనుకుందాం. పైన శీర్షిక, మధ్యలో వలయంగా నాలుగు గడులు, వాటిని కలిపే బాణాలు, ఒక మూల పెద్ద అక్షరాల్లో 97%, అట్టడుగున సమాచారం ఎక్కడిదో చెప్పే మూలం. ముందు శీర్షిక రాయండి. గడులకు అంకెలుంటే వాటి ప్రకారం, లేకుంటే అన్నిటికంటే పైనున్న గడితో మొదలుపెట్టి బాణాల వెంట వెళ్లండి. ఒక గడిలోని శీర్షిక, వివరణ పూర్తయ్యాకే తర్వాతి గడికి రావాలి. అడ్డంగా చదివితే ‘ఆవిరి కావడం మేఘాలు ఏర్పడడం’ అని రెండు శీర్షికలు ఒకే వాక్యంలా అతుక్కుంటాయి.

ఎక్కువగా తప్పు జరిగేది అంకెల దగ్గరే. 97% పెద్దగా, ‘భూమ్మీది నీటిలో ఉప్పునీరు’ దాని కింద చిన్నగా ఉంటాయి. రెండూ ఒకే వరుసలో రావాలి, విడిపోతే ఆ అంకె దేనిదో తెలియదు. విడి సమాచారం గనుక దీన్ని వలయం తర్వాత, మూలానికి ముందు పెట్టడం మేలు.

బాణం చూసి ‘దీనివల్ల’ అని చేర్చారంటే అది ఇక ఎత్తిరాత కాదు, వివరణ. అక్షరదోషాలనూ ఉన్నట్టే ఉంచండి. చదవలేని చోట [అస్పష్టం] అని గుర్తు పెట్టండి.

చివర్లో బొమ్మలో మాటలున్న చోట్లను, మీ రాతలోని ముక్కలను లెక్కపెట్టండి. తేడా వస్తే ముందు అంచుల్లోని చిన్న అక్షరాలను వెతకండి.