ఇండక్షన్‌లో "P(k) నిజం అనుకుందాం" అంటే ఏం అనుకుంటున్నట్టు?

"డిగ్రీ ఫస్టియర్ చదువుతున్నాను. ఇండక్షన్ లెక్కల్లో 'P(k) నిజం అనుకుందాం' అని రాస్తారు. మనం నిరూపించాల్సింది అదే కదా? ముందే నిజం అనుకుంటే ఇంక నిరూపించేది ఏముంది? క్లాసులో డామినోల బొమ్మ వేసి చూపించారు గానీ నా డౌట్ తీరలేదు."

కడపలో డిగ్రీ పిల్లలకు మ్యాథ్స్ చెప్తుంటాను. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో "k అన్ని విలువలకూ P(k) నిజం అనుకుందాం" అని రాశాను. దిద్దినాయన ఆ వాక్యం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, లెక్క మొత్తం కొట్టేశాడు. కింద లెక్కంతా సరిగ్గానే ఉంది కదా అని అప్పట్లో చాలా బాధపడ్డాను. ఆయన కొట్టేయడం న్యాయమేనని అర్థమైంది మాత్రం చాలా రోజుల తర్వాత, ఇటుకల దగ్గర.

డామినోలు మన ఇళ్లల్లో ఉండవు కాబట్టి ఆ బొమ్మ చూసినా మనకు చేతికి అందదు. ఎర్రముక్కపల్లెలో మా పక్కన ఇల్లు కడుతున్నప్పుడు పిల్లలు ఇటుకల్ని నిలువుగా వరస పెట్టి మొదటిదాన్ని తోసేవాళ్లు. నిలబెట్టిన ఇటుక ఎత్తు సుమారు 9 అంగుళాలు. రెండు ఇటుకల మధ్య ఎడం అంతకంటే ఎక్కువుంటే, ఒకటి పడినా పక్కదానికి తగలదు. అందుకే ఒక పిల్లోడు తోసే ముందు వరస పొడుగునా నడుస్తూ ప్రతి ఎడాన్నీ జానతో కొలుచుకునేవాడు. "ఇది పడితే అది పడుతుందా? పడుతుంది. అది పడితే దాని పక్కది?" అనుకుంటూ పోయేవాడు. అప్పటికి ఒక్క ఇటుకా పడలేదు. అయినా ఎడాలు సరిగ్గా ఉన్నాయో లేదో వాడు తేల్చుకోగలిగాడు.

మీరు అడిగిన "అనుకుందాం" ఆ పిల్లోడి "ఇది పడితే" లాంటిదే. ఇటుక పడిందని అది చెప్పడం లేదు. ఎడం కొలవడానికి వాడుకునే మాట అది.

మామూలుగా 1 + 2 + … + n మొత్తం లెక్కతో దీన్ని చూపిస్తారు. అందులో అన్నీ మొదటి నుంచీ సవ్యంగా పడిపోతాయి కాబట్టి ఏ పని ఎక్కడ జరుగుతోందో కనిపించదు. నేను 2^n > n^2 తీసుకుంటాను, ఇక్కడ P(n) అంటే ఈ మాటే. ముందు విలువలు వేసి చూడండి. n = 1 అయితే 2 > 1, నిజం. n = 2 అయితే రెండువైపులా 4, కాబట్టి నిజం కాదు. n = 3 దగ్గర 8, 9. ఇదీ నిజం కాదు. n = 4 దగ్గర 16, 16. మళ్లీ కాదు. n = 5 దగ్గర 32 > 25, నిజం.

ఇప్పుడు ఎడం కొలుద్దాం. ఏదో ఒక k దగ్గర 2^k > k^2 అయితే, రెండువైపులా 2తో గుణిస్తే ఇది వస్తుంది:

2^(k+1) > 2k^2

మనకు కావలసింది 2^(k+1) > (k+1)^2. కాబట్టి 2k^2 ≥ (k+1)^2 అని చూపిస్తే చాలు. తేడా తీసుకుంటే:

2k^2 − (k+1)^2 = k^2 − 2k − 1 = (k−1)^2 − 2

k = 3 అయితే ఇది 2. k పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అంటే k ≥ 3 అయితే P(k) నుంచి P(k+1)కు లంకె కుదిరింది.

ఇక్కడ ఒక అమ్మాయి లేచి, "సార్, 3 దగ్గర అసలు నిజమే కాదు కదా, మరి 3 నుంచి 4కు లంకె ఎట్లా కుదిరింది?" అని అడిగింది. నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే మీ డౌట్‌కు జవాబు సరిగ్గా ఆ ప్రశ్నలోనే ఉంది. 3వ ఇటుకకూ 4వ ఇటుకకూ మధ్య ఎడం సరిగ్గానే ఉంది. 3 పడి ఉంటే 4 పడేదే. కానీ 3 పడలేదు, కాబట్టి 4ను తోసేది ఏదీ లేదు. లంకె నిజం, P(3) మాత్రం అబద్ధం. ఈ రెండూ ఒకేసారి ఉండగలిగాయి కదా. P(k) నిజమని ముందే ఒప్పేసుకుని లెక్క నడిపి ఉంటే అది కుదిరేది కాదు. మనం నిరూపించింది "P(k) అయితే P(k+1)" అన్న మాట ఒక్కటే. P(k) నిజమా కాదా అన్నది ఆ లెక్క అసలు ముట్టుకోదు.

దాన్ని తేల్చేది మొదటి తోపు. 1వ ఇటుక పడింది, కానీ 2 పడలేదు, అంటే అక్కడ ఎడం ఎక్కువ. 3 నుంచి ఎడాలన్నీ బాగున్నాయి, కానీ 3, 4 పడలేదు. 5 దగ్గర మనమే చేత్తో లెక్కేసి 32 > 25 అని చూశాం, అంటే 5ను మనం తోశాం. అక్కడి నుంచి ఎడాలన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి n ≥ 5 అయిన ప్రతి n దగ్గరా మాట నిజం.

"అన్నీ పడతాయని ఎట్లా నమ్మాలి, వరసకు చివరే లేదు కదా" అని కొందరు అడుగుతారు. 5 తర్వాత ఏదైనా ఇటుక నిలబడి ఉందనుకోండి. అలా నిలబడినవాటిలో అన్నిటికంటే ముందున్నదాన్ని పట్టుకోండి. అది 5 కాదు. కాబట్టి దానికి సరిగ్గా ముందున్న ఇటుక పడిపోయింది. ఎడం సరిగ్గా ఉంది, అంటే ఇదీ పడి తీరాలి. కాబట్టి నిలబడిన ఇటుక ఉండదు. నిలబడినవాటిలో మొట్టమొదటిది ఒకటి ఉంటుందన్నది సహజ సంఖ్యల స్వభావం. ఇటలీ గణిత శాస్త్రజ్ఞుడు పెయానో 1889లో సహజ సంఖ్యలకు స్వీకృతాలు రాసినప్పుడు ఇండక్షన్‌నే ఒక స్వీకృతంగా పెట్టుకున్నాడు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నిజమైన ఇటుకలు పడటానికి టైం పడుతుంది, లెక్కలో అట్లాంటిదేమీ లేదు. అక్కడ బొమ్మను వదిలేయాలి.

ఇప్పుడు నా ఎర్ర సున్నా సంగతి. "అన్ని k విలువలకూ నిజం అనుకుందాం" అంటే ఇటుకలన్నీ పడిపోయాయని ముందే అనేసినట్టు. మీరు భయపడుతున్న తప్పు అచ్చంగా అదే. రాయాల్సింది "ఏదో ఒక k ≥ 5కు P(k) నిజం అనుకుందాం" అని. తేడా ఒక్క మాటే, కానీ నా లెక్క పోయింది ఆ మాట దగ్గరే. ఇంకొకటి కూడా చూసుకోండి. మీ నిరూపణలో P(k)ని వాడిన లైను మీద వేలు పెట్టి చూపించగలగాలి. పై లెక్కలో అది 2^(k+1) > 2k^2 అన్న లైను. అట్లాంటి లైను దొరకకపోతే లెక్కలో ఎక్కడో తప్పుంది, లేదంటే ఆ లెక్కకు ఇండక్షనే అక్కర్లేదు.

మీ అంతట మీరు 2^n > n^3 చేసి చూడండి. అందులో ఎడాలు k = 4 నుంచే సరిపోతాయి, కానీ 4 నుంచి 9 దాకా ఒక్క ఇటుకా పడదు. 9 దగ్గర 512 ఒకవైపు, 729 ఇంకోవైపు. 10 దగ్గర 1024 > 1000 అవుతుంది, అక్కడ తోయాలి.