పాండురంగాపురం శుభ్రత కార్యక్రమానికి నువ్వు పంపిన స్లైడ్ల గురించి

చిన్నీకి,

ఆశీస్సులు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కోసం తయారుచేసి నువ్వు వాట్సాప్‌లో పంపిన పది స్లైడ్లూ చూశాను. రంగులు బాగున్నాయి, బొమ్మలు బాగున్నాయి. కానీ ఫిబ్రవరి 8న ఎవరైనా రావాలంటే ఎక్కడికి రావాలో తెలుసుకోవడానికి ఏడో స్లైడు దాకా జరుపుకుంటూ పోవాల్సి వచ్చింది. అక్కడ కూడా ‘ఆర్కే బీచ్’ అని మాత్రమే ఉంది. ద్వారకానగర్‌లో డీటీపీ పని చేసిన రోజుల్లో కరపత్రం చేతికి రాగానే నేను ముందు తేదీ, చోటు వెతికేవాణ్ణి. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. మన కాలనీ శుభ్రత పోస్టులు తయారుచేస్తున్నప్పుడు కూడా ముందు చూసేది వాటినే.

నీ కారొసెల్‌ను అందరూ మొదటి నుంచి చివరిదాకా వరసగా చూస్తారనుకోకు. ఒకరు ఒక స్లైడును స్క్రీన్‌షాట్ తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతారు. అది అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు వెళుతుంది, మిగతా స్లైడ్లు దాని వెంట వెళ్లవు. పైగా మొదటి స్లైడు చూసి ముందుకు వెళ్లిపోయినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి అదే పోస్టును రెండో స్లైడుతో మళ్లీ చూపిస్తుంది. అంటే నీ రెండో స్లైడే ఎవరికో మొదటిది. అందుకే ప్రతి స్లైడు అడుగునా ఒకే పట్టీ వేయి: ‘ఫిబ్రవరి 8, 2026, ఆదివారం, ఉదయం 6:30, పాండురంగాపురం’. సంవత్సరం వదిలేయకు. ఇలాంటి పోస్టులు మరుసటి ఏడాది కూడా గ్రూపుల్లో తిరుగుతాయి, చూసినవాళ్లు రేపే అనుకుని బయలుదేరతారు. వారం కూడా తప్పకుండా ఉండాలి. తేదీ చదివినవాళ్లకు ఆ రోజు సెలవో కాదో వెంటనే తెలియదు, ఆదివారం అంటే తెలుస్తుంది.

పది స్లైడ్లు అక్కర్లేదు, ఐదు చాలు. మొదటిది పిలుపు. రెండోది కలుసుకునే చోటు. మూడోది ఏ వీధుల్లో ఏం పని. నాలుగోది ఏం తెచ్చుకోవాలి. ఐదోది ఎలా చేరాలి. చెత్త వల్ల సముద్రానికి జరిగే నష్టం మీద నువ్వు రాసిన మూడు స్లైడ్లు వేరే పోస్టుగా ఇంకో రోజు పెట్టుకో. శుభ్రం చేయడానికి వచ్చేవాళ్లకు అది తెలుసు, రానివాళ్లు ఇవి చదివి రారు.

ఇక కలుసుకునే చోటు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఆర్కే బీచ్ అంటే ఎక్కడ? కాళీమాత గుడి దగ్గరా, సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరా, ఇంకా ముందుకా? ఒకరు ఇసుకలో నిలబడతారు, ఇంకొకరు ఫుట్‌పాత్ మీద నిలబడతారు, ఏడు గంటల దాకా ఫోన్లతోనే సరిపోతుంది. పైగా నీ పని ఇసుకలో కాదు, పాండురంగాపురం వీధుల్లో. కాబట్టి మనుషులను రోడ్డుకు ఊరివైపున నిలబెట్టు. సబ్‌మెరైన్‌కు ఎదురుగా, రోడ్డుకు అవతల, టీయూ-142 విమాన మ్యూజియం ఉంది కదా, దాని గేటు పక్కన అని రాయి. సబ్‌మెరైన్ తెలియనివాళ్లు విశాఖలో ఉండరు. అంత పెద్ద విమానం చీకట్లో కూడా కనిపిస్తుంది. ఒకటి దారి చెప్పే గుర్తు, రెండోది ఆగాల్సిన చోటు. రెండూ ఒకే వాక్యంలో ఉండాలి.

ఆ స్లైడులో మ్యాపు బొమ్మ వేశావు, తీసేయి. చిన్న తెరమీద అందులో వీధి పేర్లు ఒక్కటీ చదవలేకపోయాను. దానికి బదులు నువ్వే వెళ్లి, నిలబడిన మనిషి కంటి ఎత్తులో, జనం ఎటువైపు నుంచి వస్తారో అటువైపు నుంచి ఫొటో తీయి. నిలబడాల్సిన చోట ఒక్క బాణం గుర్తు పెట్టు. ఫొటో పొద్దున్నే తీయి. సాయంత్రం అక్కడ బళ్లు, జనం నిండి ఉంటారు, ఉదయం వచ్చినవాళ్లకు ఆ ఫొటోలో ఉన్న చోటు ఇదేనా అని అనుమానం వస్తుంది. ఇంకొక సంగతి: తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపుతారు. బండి మీద వచ్చేవాళ్లు అడ్డుగా పెట్టిన బారికేడ్ దగ్గర ఆగి నీకు ఫోన్ చేస్తారు. కాబట్టి ‘బళ్లు పాండురంగాపురం లోపలి వీధుల్లో పెట్టి నడిచి రండి’ అన్న మాట అదే స్లైడులో ఉండాలి. ఏ వీధిలో పెట్టుకోవచ్చో అక్కడి వాళ్లను ముందే అడిగి, ఆ వీధి పేరు కూడా రాయి.

సమయం గురించి రెండు మాటలు. ఫిబ్రవరి మొదట్లో మనకు సూర్యోదయం ఆరున్నరకు కాస్త ముందు అవుతుంది. నువ్వు రాసిన 5:30కి చీకట్లో గాజు పెంకులు కనబడవు. 6:30కి కలిసి, 6:45కి పని మొదలుపెట్టి, 8:30కి ముగించు. ముగిసే వేళ తప్పకుండా రాయి. ఎప్పుడు అయిపోతుందో తెలియని పనికి పిల్లలను ఇంట్లోవాళ్లు పంపరు.

ఏం తెచ్చుకోవాలన్న స్లైడులో నువ్వు పద్నాలుగు వస్తువులు రాశావు. అది చదివితే తీర్థయాత్రకు సామాను కట్టుకుంటున్నట్టుంది. ఇంట్లో గ్లవ్స్ లేనివాళ్లు ‘గ్లవ్స్ తెచ్చుకోండి’ అన్న మాట చూసి ఆగిపోతారు. వచ్చేవాళ్లను వాళ్ల దగ్గర ఉన్నవే తెమ్మను, లేనివి నువ్వు ఇవ్వు. స్లైడును రెండు భాగాలు చేయి. పైన ‘మీరు తెచ్చుకునేవి’: కాళ్లు పూర్తిగా కప్పే బూట్లు, నిండు ప్యాంటు, టోపీ, ఇంటి నుంచి నింపుకున్న నీళ్ల సీసా. అంతే. కింద ‘మేమిచ్చేవి’: గ్లవ్స్, సంచులు, పారలు, గమేళాలు, కొబ్బరి చీపుళ్లు. చెప్పులు వద్దని విడిగా రాయి, రాయకపోతే సగం మంది చెప్పులతోనే వస్తారు. ప్లాస్టిక్ ఏరడానికి వచ్చి ప్లాస్టిక్ సీసాలు పడేసిపోవడం నేను చూశాను కాబట్టి, నీళ్ల సీసా ఇంటిదే అని నొక్కి చెప్పు.

మీ వైపు నుంచి ఇచ్చే వాటిలో గ్లవ్స్ పల్చటి ఆసుపత్రి గ్లవ్స్ వద్దు, ఒక్క ముల్లుకే చిరుగుతాయి. అరచేతికి రబ్బరు పూసిన నూలువి కొను. సంచులు బియ్యం సంచులైతే మేలు, తడి చెత్త బరువుకు పల్చటి నల్ల కవర్లు అడుగున తెగుతాయి. గాజు పెంకులు సంచిలో వేయనివ్వకు, మోసేవాళ్ల కాలికి గుచ్చుకుంటాయి. వాటికి ఒక గట్టి ప్లాస్టిక్ బకెట్ పెట్టు. ఇంజెక్షన్ సూదులు కనబడితే ఎవరూ చేత్తో ముట్టుకోవద్దు, నిర్వాహకులను పిలవాలి. ఈ ఒక్క వాక్యం మూడో స్లైడులో పెద్ద అక్షరాలతో ఉండాలి. పిల్లలు తల్లిదండ్రుల్లో ఒకరితో కలిసే రావాలన్న మాట కూడా అక్కడే.

మూడో స్లైడు రాసే ముందు మీ వార్డు సచివాలయానికి వెళ్లి పారిశుద్ధ్యం చూసే కార్యదర్శిని కలువు. నిండిన సంచులు ఎక్కడ పెట్టాలి, బండి ఎన్నింటికి వస్తుంది అని అడుగు. ఆ ఏర్పాటు లేకపోతే ఆదివారం నింపిన సంచులను సోమవారానికి కుక్కలు చింపి మళ్లీ రోడ్డంతా పరుస్తాయి. వాళ్లు ఒప్పుకున్న తర్వాతే ‘సంచులు ఫలానా మలుపు దగ్గర’ అని స్లైడులో వేయి. నువ్వు మొదటి స్లైడు మీద పెట్టిన మన నగరపాలక సంస్థ జీవీఎంసీ లోగో తీసేయి. వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప దాన్ని వాడకూడదు.

ఎలా చేరాలన్న చివరి స్లైడులో నువ్వు గూగుల్ ఫారం లింకు, క్యూఆర్ కోడ్, రెండు ఫోన్ నంబర్లు, ఈమెయిలు పెట్టావు. అందులో చాలావరకు పనికిరావు. బొమ్మలోని లింకును నొక్కలేరు, కింద రాసే క్యాప్షన్‌లో పెట్టినా ఇన్‌స్టాగ్రామ్‌లో నొక్కితే తెరుచుకోదు. క్యూఆర్ కోడ్ గోడమీది పోస్టరుకు బాగుంటుంది. ఫోనులో చూస్తున్న మనిషి అదే ఫోనుతో దాన్ని ఎలా స్కాన్ చేస్తాడు? ఒక్కటే దారి పెట్టు: వాట్సాప్ సందేశం. స్లైడులో నంబరు పెద్దగా రాయి, కింద ‘మీ పేరు, ఎంతమంది వస్తారో పంపండి, శుక్రవారం సాయంత్రం 6 లోపు’ అని రాయి. నీ ప్రొఫైల్ బయోలోనూ, స్టోరీలో పెట్టే లింకు స్టిక్కర్‌లోనూ ఈ రకం లింకు ఉంచు, అవి రెండూ నొక్కితే పనిచేస్తాయి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=FEB8
```

నొక్కగానే నీ నంబరుకు సందేశం సిద్ధంగా వస్తుంది, వాళ్లు పేరు చేర్చి పంపడమే. FEB8 అని ఉన్నవి పోస్టు చూసి వచ్చినవని నీకూ తెలుస్తుంది. నంబరు నీ సొంతది ఇవ్వకు తల్లీ. ఒకసారి ఊరంతా తిరిగాక దాన్ని వెనక్కి తీసుకోలేవు. ఇంట్లో పాత ఫోనులో వేరే సిమ్ వేసి వాట్సాప్ బిజినెస్ పెట్టు. దాంట్లో జవాబు ముందే రాసిపెట్టుకోవచ్చు: కలిసే చోటు లొకేషన్, బళ్లు పెట్టే వీధి, బూట్ల సంగతి. వచ్చినవాళ్లందరినీ వెంటనే ఒక గ్రూపులో చేర్చకు. ఆడపిల్లల నంబర్లు తెలియనివాళ్లందరికీ కనబడతాయి. అడిగి, సరేనన్నవాళ్లనే చేర్చు. శుక్రవారం గడువు ఎందుకంటే, లెక్క తేలితే శనివారం గ్లవ్స్ కొనవచ్చు. వస్తామన్నవాళ్లందరూ రారు, చెప్పకుండా వచ్చేవాళ్లూ ఉంటారు. కాస్త ఎక్కువే కొను, మిగిలినవి తర్వాతి నెలకు పనికొస్తాయి.

అక్షరాల సంగతి నేను చెప్పకుండా ఉండలేను. స్లైడు కొలత 1080×1350 పిక్సెళ్లు పెట్టుకో, అంచుల్లో ఏమీ రాయకు. ప్రొఫైల్‌లో చిన్నగా చూపేటప్పుడు అంచులు కొంత కోసేస్తుంది. తెలుగుకు ఇంగ్లీషుకు ఇచ్చినంత వరుసల ఎడం చాలదు. పై వరుస వత్తులు, కింది వరుస గుడులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, నీ నాలుగో స్లైడులో అదే జరిగింది. శీర్షికకు రామభద్ర, మిగతాదానికి మండలి వాడు, రెండూ ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లే. కొన్ని యాప్‌లు వత్తులను విడగొట్టేస్తాయి. ‘స్వచ్ఛందంగా’ అని టైపు చేసి చూడు. ఛ వత్తు చ కిందకు చేరకుండా పక్కకు వచ్చి కూర్చుంటే ఆ యాప్ వద్దు. అంతా అయ్యాక స్లైడును నీకు నువ్వే వాట్సాప్‌లో పంపుకుని, మీ అమ్మ ఫోనులో, ఆవిడ కళ్లద్దాలు లేకుండా చదవమను. ఆవిడ చదవలేని అక్షరం పెద్దది చేయి.

పోస్టు పెట్టాక అందులోని బొమ్మను వేరే బొమ్మతో మార్చలేవు, క్యాప్షన్ మాత్రం మార్చవచ్చు. కాబట్టి మారే అవకాశం ఉన్నవేవీ బొమ్మలో పెట్టకు. టీ ఇచ్చే దాత పేరు, ఎంతమంది నమోదయ్యారన్న లెక్క క్యాప్షన్‌లో రాయి. ఏ కారణంతోనైనా వాయిదా పడితే క్యాప్షన్ మొదటి వరుసలోనే ‘వాయిదా పడింది’ అని రాసి, అదే మాట కామెంటుగానూ, స్టోరీలోనూ పెట్టు. నమోదైన ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో విడిగా చెప్పు. ఆ పోస్టును స్క్రీన్‌షాట్ తీసిన గ్రూపుల్లోనూ ఎవరైనా చెప్పాలి కాబట్టి, ఏ గ్రూపుల్లో పెట్టారో నీ స్నేహితులు ఎవరికి వారు రాసిపెట్టుకుంటే మంచిది.

మార్చిన ఐదు స్లైడ్లూ గురువారం లోపు పంపు. వార్డు సచివాలయం వాళ్లు ఏమన్నారో కూడా రాయి, కావాలంటే నీతో పాటు నేనూ వస్తాను.

మీ బాబాయి