అన్నీ నిజాలే రాశాను, తమ్ముడికి ఎందుకు గుచ్చుకుంది?

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. విజయవాడలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటున్నారు. తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. పోయిన నెల ఒక రాత్రి తొమ్మిదిన్నరకి వాడికి ఈ మెయిల్ పెట్టాను. మరదలికి కూడా కాపీ పెట్టాను.

“సబ్జెక్ట్: నాన్న విషయం – అర్జెంట్. ముందే చెప్పినట్టుగా, ఈ నెల నుంచి నాన్న ఖర్చుల్లో సగం నువ్వు పంపాలి. ఇప్పటికే రెండుసార్లు చెప్పాను. కేర్‌టేకర్‌కి 18,000, ఫిజియోథెరపీకి 8,000, మందులకు 6,500. నీ వాటా 16,250. ఇక్కడ అన్నీ నేనే చూసుకుంటున్నాను. కనీసం డబ్బు విషయమైనా టైముకి చూడు. 5వ తేదీ దాటకూడదు. డిసెంబర్‌లో వస్తావో రావో స్పష్టంగా చెప్పు. ధన్యవాదాలు.”

వాడు అదే రోజు డబ్బు వేసి “నోటెడ్. పంపాను” అని జవాబిచ్చాడు. అప్పటి నుంచి ఫోన్ లేదు. నేను రాసినవన్నీ నిజాలే కదా! ఇప్పుడు ఇంకో మెయిల్ రాయాలి. డిసెంబర్ 8 నుంచి మూడు వారాలు మా అమ్మాయి పురుడుకి బెంగళూరు వెళ్తున్నాను, ఆ రోజుల్లో వాడొచ్చి నాన్న దగ్గర ఉండాలి. తేదీలూ లెక్కలూ ఉంటాయి కాబట్టి ఫోన్లో కన్నా మెయిలే నయం. పంపేముందు నా మాట ఎలా వినిపిస్తుందో నాకు నేనే ఎలా చూసుకోవాలి?

జవాబు: నిజాలే రాశారు, అందులో అనుమానం లేదు. లెక్క కూడా సరిగ్గా ఉంది. మీ తమ్ముడు దానితో పేచీ పెట్టుకోలేదు, ఆ రోజే డబ్బు వేశాడు. లెక్కల చుట్టూ ఉన్న మాటలు వాడికి ఎక్కడో తగిలాయి. అవేవో కొత్త మెయిల్ మొదలుపెట్టే ముందు పాతదాంట్లోనే వెతుకుదాం. మనం రాసిన ఉత్తరం నెల తర్వాత చదివితే కాస్త పరాయివాళ్ళు రాసినట్టే కనిపిస్తుంది. అందుకే అభ్యాసానికి అదే బాగుంటుంది.

ముందు అసలు మాటల జోలికి వెళ్ళకండి. చదివే మనిషిని చూడండి. మీకు రాత్రి తొమ్మిదిన్నర అంటే, అమెరికాలో గడియారం గంట ముందుకు జరిపి ఉంచే నెలల్లో న్యూజెర్సీలో మధ్యాహ్నం పన్నెండు. వాడు ఆఫీసులో ఉంటాడు. ఫోన్ తెర మీద ముందు కనిపించేది సబ్జెక్టు, దాని కింద ఒకటి రెండు ముక్కలు. “నాన్న విషయం – అర్జెంట్”. సముద్రాల అవతల ఉన్న కొడుక్కి ఆ మూడు మాటలు ఎలా ఉంటాయో ఒక్క క్షణం ఊహించండి. మెయిల్ తెరిచేలోపు వాడి మనసు ఆసుపత్రికి వెళ్ళి వచ్చి ఉంటుంది. తీరా తెరిస్తే ఉన్నది బిల్లు. భయం దిగిపోయాక మిగిలేది చిరాకు, ఇక కింద ఉన్నదంతా ఆ చిరాకులోనే చదువుతాడు.

ఇంకో పాఠకురాలు కూడా ఉంది, మీ మరదలు. కాపీ ఎందుకు పెట్టారో మీకు తెలుసు, ఇంటి ఖర్చులు ఆవిడ చూస్తుంది కాబట్టి అయ్యుంటుంది. కానీ భార్య చూస్తుండగా అక్క చేత “ఇప్పటికే రెండుసార్లు చెప్పాను” అనిపించుకోవడం వాడి వైపు నుంచి వేరుగా ఉంటుంది. మీ ఆఫీసులో పై అధికారికి కాపీ పెట్టి ఎవరైనా మీకు రిమైండర్ పంపితే మీకెలా ఉంటుందో, అదే.

కాబట్టి ప్రతి వాక్యం పక్కన, అది చదవగానే వాడు మనసులో అనుకునే మాట రాయండి. మర్యాదగా అక్కర్లేదు, వాడి గొంతులోనే రాయండి. “అన్నీ నేనే చూసుకుంటున్నాను” పక్కన: “అంటే నేనేం చేయట్లేదనా?” “డిసెంబర్‌లో వస్తావో రావో” పక్కన: “రానని ముందే తేల్చేసింది.” దూరాన ఉన్న పిల్లల్లో చాలామందికి నాన్న దగ్గర లేమన్న బాధ ముందే ఉంటుంది. ఆ బాధ ఉన్నచోట మీ వాక్యం పడిందా లేదా అన్నది ఈ పక్క రాతల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు మెయిల్ ప్రింటు తీసి రెండు రంగుల పెన్నులు పట్టుకోండి. ఆజ్ఞలా వినిపించే మాటల కింద ఎరుపు గీత, ముభావంగానో దెప్పినట్టో వినిపించేవాటి కింద నీలం. నేను గీసి చూస్తే “పంపాలి”, “దాటకూడదు”, “స్పష్టంగా చెప్పు” ఎరుపులో పడ్డాయి. “ముందే చెప్పినట్టుగా”, “ఇప్పటికే రెండుసార్లు”, “నేనే”, “కనీసం”, “వస్తావో రావో”, చివరి “ధన్యవాదాలు” నీలం. తోడబుట్టినవాడికి ధన్యవాదాలు ఏమిటండీ! బయటివాళ్ళకి మర్యాద అయిన మాట ఇంట్లోవాళ్ళకి తలుపు వేసినట్టు ఉంటుంది. లేని మాటని కూడా గుర్తు పెట్టండి. మెయిల్ మొదట్లో వాడికి పిలుపే లేదు. ఫోన్లో ఏమని పిలుస్తారో, ఆ పిలుపు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. అక్కడ నీలం సున్నా చుట్టాను.

గీత పడిన ప్రతి మాటా కొట్టేయాలని కాదు. ఆ మాట తీసేసి వాక్యం మళ్ళీ చదవండి. సమాచారం పోతే అది ఉండాల్సిందే. “5వ తేదీ” తీస్తే ఎప్పటికి పంపాలో తెలియదు, కాబట్టి అది ఉంటుంది. “కనీసం” తీసి చూడండి, లెక్కా తేదీ ఏదీ మారదు. పోయేది “నువ్వు ఇంకేమీ చేయట్లేదు” అన్న ఎత్తిపొడుపు ఒక్కటే. ఈ మెయిల్ మొత్తంలో ఎక్కువగా గుచ్చుకునేది ఆ ఒక్క మాటే అని నా అభిప్రాయం. “ఇప్పటికే రెండుసార్లు” కూడా అంతే.

“నేనే” దగ్గర మాత్రం ఆగండి. ఆ దీర్ఘంలో మీ అలసట ఉంది, అది నిజమైన సమాచారం. దాన్ని తీసేస్తే వాడికి ఎప్పటికీ తెలియదు. అలా అక్షరంలో దాచకుండా విడిగా చెప్పండి: “రాత్రి రెండుసార్లు నాన్నని బాత్రూముకి తీసుకెళ్ళడానికి లేస్తున్నాను, నిద్ర చాలడం లేదు.” మొదటిది చదివితే వాడు తనని తాను సమర్థించుకోవడంలో పడతాడు, రెండోది చదివితే మీ గురించి ఆలోచిస్తాడు.

ఎరుపు మాటల విషయంలో మన భాషలో ఒక తిరకాసు ఉంది. “నువ్వు తప్పకుండా రావాలి” అని పెళ్ళికి పిలిస్తే అది ప్రేమ. అదే “రావాలి” పద్దుల పట్టికకీ గడువు తేదీకీ మధ్యన కూర్చుంటే హుకుం. మాట ఒకటే, పక్కనున్నవి వేరు. అందుకే ఆజ్ఞలా ఉన్న చోట కారణం చేర్చి చూడండి. “5వ తేదీ దాటకూడదు” అనేకన్నా “కేర్‌టేకర్‌కి 6న జీతం ఇస్తున్నాను, 5కల్లా పడితే నాకు సర్దుబాటు అవుతుంది” అంటే గడువు మారలేదు, హుకుం మాత్రం పోయింది.

ఇదంతా కళ్ళతో చేస్తే కొన్ని తప్పించుకుంటాయి, ఎందుకంటే రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూనే ఉంటుంది. అవతలివాళ్ళకి అది వినపడదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది బాగా కనిపించింది. ఈమెయిల్లో రాసిన వాక్యం వెటకారమా, మామూలుగా అన్నదా అన్నది అవతలివాళ్ళు నూటికి 78 సార్లు పట్టేస్తారని రాసినవాళ్ళు అనుకున్నారు. చదివినవాళ్ళు పట్టింది 56 సార్లే, అంటే బొమ్మా బొరుసా వేసినదానికన్నా కాస్త మెరుగు. రాసినవాళ్ళ చేత ఆ వాక్యాలని వాళ్ళ ఉద్దేశానికి వ్యతిరేకమైన గొంతుతో పైకి చదివిస్తే ఆ ధీమా తగ్గింది. మీరూ అలాగే చేయండి. మెయిల్ని పైకి, చిరాకుగా ఉన్న మనిషి గొంతుతో చదవండి. “నాన్న బాగున్నారు” అన్న వాక్యాన్ని ఎంత కోపంగా చదివినా అది మంచి కబురుగానే మిగులుతుంది. “స్పష్టంగా చెప్పు” ఆ గొంతులో ఇట్టే ఇమిడిపోతుంది. అలా ఇమిడిపోయే వాక్యాలే తిరగరాయాల్సినవి.

ఇప్పుడు డిసెంబర్ మెయిల్. నేనైతే ఇలా రాస్తాను, పిలుపు మీది పెట్టుకోండి.

“సబ్జెక్ట్: నాన్న బాగున్నారు – డిసెంబర్‌లో నీ సాయం కావాలి

ఒరేయ్ చిన్నా,

నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని హాలు దాకా నడుస్తున్నారు. డిసెంబర్ 8 నుంచి 28 దాకా పాప పురుడుకి నేను బెంగళూరులో ఉండాలి. ఆ మూడు వారాలు నువ్వొచ్చి నాన్న దగ్గర ఉండగలవా? పగలు కేర్‌టేకర్ ఉంటాడు, రాత్రి పక్కన ఒక మనిషి కావాలి. మొత్తం కుదరకపోతే ఎన్ని రోజులు కుదురుతుందో చెప్పు, మిగతా రాత్రులకి మనిషిని మాట్లాడతాను. వాళ్ళకి నవంబర్ 10కల్లా చెప్పాలి, అందుకే నీ జవాబు ఆ లోపల కావాలి.
– అక్క”

ఇందులో అడగడం ఎక్కడా మెత్తబడలేదు, చూడండి. తేదీలున్నాయి, గడువు ఉంది, కుదరకపోతే ఏం చేస్తారో ఉంది. మాట సరిచేసుకోమంటే చాలామంది రెండో వైపుకి పోతారు. “నీకు ఇబ్బంది లేకపోతే, వీలైతే, ఒకసారి ఆలోచించు” అని రాస్తారు. దాన్ని వాడు “అంత అవసరం లేదేమో” అని చదువుతాడు, టికెట్ తీసుకోడు, మీకు మళ్ళీ కోపం వస్తుంది. “ఉండగలవా?” అని ఒక్కసారి సూటిగా అడగండి, చాలు. కాపీ ఈసారి ఎవరికీ వద్దు. మరదలితో మాట్లాడాల్సింది ఉంటే ఆవిడకి విడిగా ఫోన్ చేయండి.

మెయిల్ రాస్తున్నప్పుడు వాడి అడ్రస్ పెట్టే గడి ఖాళీగా ఉంచి, గీతలు గీయడం పూర్తయ్యాకే నింపండి. పొరపాటున వెళ్ళిపోదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో Undo Send అని ఉంటుంది, దాన్ని ఎక్కువలో ఎక్కువగా 30 సెకన్లకి పెట్టుకోవచ్చు. కానీ 30 సెకన్లలో కోపం దిగదు కదా, రాత్రి రాసింది పొద్దున పంపడమే మేలు. మన పొద్దున ఎనిమిదంటే వాడికి రాత్రి భోజనాల వేళ దాటిపోతుంది, ఆఫీసు హడావిడిలో ఉండడు.

ఒక్క విషయంలో మాత్రం ఈ గీతలు పనిచేయవు. నాన్న బరువంతా మీ మీదే పడిందన్న కోపం మీకు నిజంగానే ఉంటే, ఎన్ని మాటలు మార్చినా అది ఏదో ఒక అక్షరంలోంచి బయటికొస్తుంది. పెన్ను పట్టుకున్నప్పుడు వాక్యానికో గీత పడుతోందంటే, అది మెయిల్లో తేలే సంగతి కాదని అర్థం. అప్పుడు డిసెంబర్ మెయిల్ కాస్త ఆపండి. వాళ్ళకి సెలవు రోజు చూసి ఫోన్ చేసి, “పోయినసారి కటువుగా రాశాను, అలసిపోయి ఉన్నాను” అని చెప్పి, వాడేమంటాడో పూర్తిగా వినండి. డబ్బు మాట, టికెట్ మాట ఆ ఫోన్లో ఎత్తకండి. మెయిల్ ఆ తర్వాత రెండు రోజులకి పంపినా నవంబర్ 10కి టైముంటుంది.