గానుగ పెట్టేముందు నేను అడగని ప్రశ్న

ప్రశ్న: చేతిలో ఆరు లక్షలున్నాయి. ఊళ్లో వేరుశనగ గానుగ పెట్టాలా, ఉన్న రెండెకరాల్లో శ్రీగంధం వేయాలా? రెండూ లాభమే అంటున్నారు. ఏది ఎంచుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

2019లో నేను గానుగ పెట్టాను, రెండేళ్లకు మూసేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గానుగ కొనేముందు ఆరు వారాలు తిరిగాను. ఏ చెక్క మంచిది, మోటారు ఎంత శక్తిది, లీటరు నూనెకు ఎన్ని గింజలు కావాలి అని ఆరా తీశాను. ఇవన్నీ గానుగ నడిపేవాడు ఎవరైనా అరగంటలో చెప్పగలిగినవే. లీటరుకు దాదాపు రెండున్నర కిలోల గింజలు పడతాయని మొదటి రోజే తెలిసింది. తెలియనిది ఒక్కటే. ఒకసారి కొన్న ఇల్లు మళ్లీ కొంటుందా, కొంటే నెలకు ఎన్ని లీటర్లు కొంటుంది? దాన్ని నేను ఎవరినీ అడగలేదు. బాగుంటే కొంటారులే అనుకున్నాను.

మొదటి నెల 140 లీటర్లు అమ్మాను. బంధువులు, తెలిసినవాళ్లు తలా ఒక సీసా తీసుకున్నారు. మూడో నెలకు అది 50 లీటర్లకు పడిపోయింది. ఇంటింటికీ వెళ్లి అడిగితే నూనె బాగాలేదని ఒక్కరూ అనలేదు. పచ్చళ్లకు, పోపులకు ఇదే వాడుతున్నారు. వేపుళ్లకు, పిండివంటలకు మాత్రం ఇంత ధర పెట్టలేక పాత నూనెకే వెళ్లారు. నెలకు నాలుగు లీటర్లు వాడే ఇల్లు నా దగ్గర ఒక్క లీటరే కొంటోంది.

ఆ తేడా ఎంత పెద్దదో చూడండి. అప్పట్లో నేను వేసుకోవలసిన లెక్క ఇలా ఉండాలి. ధరలు మీ దగ్గర వేరుగా ఉంటాయి, మీవి వేసుకోండి. లీటరు 380 రూపాయలకు అమ్మితే గింజలకు 300, సీసాకు, చేరవేతకు 20 పోతాయి. నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క అమ్మితే 50 తిరిగి వస్తుంది. మిగిలేది 110. అద్దె, కరెంటు, మనిషి జీతం, అప్పు వాయిదా కలిపి నెలకు 33,000 అనుకుంటే 300 లీటర్లు అమ్మితేనే ఖర్చులు వెళ్తాయి. ఇంటికి నాలుగు లీటర్లయితే 75 ఇళ్లు చాలు. ఒక్క లీటరే అయితే 300 ఇళ్లు కావాలి. మా చిన్న పట్టణంలో 75 ఇళ్లు దొరుకుతాయి, 300 దొరకవు. అంటే మొత్తం ఆలోచన ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉంది.

మీరూ ముందు ఇలా చేయండి. ‘ఇది నిలబడాలంటే ఏవేవి నిజం కావాలి?’ అని కాగితం మీద రాయండి. ఒక్కో వాక్యం పక్కన రెండు సంగతులు రాయండి: ఇది అబద్ధమైతే మొత్తం కూలుతుందా, ఇది నిజమని ఈరోజు నా దగ్గర ఏ ఆధారం ఉంది? కూలిపోయేదీ, ఆధారం లేనిదీ ఏదో అదే బలహీనమైన చోటు. మనకు ఇష్టమైన పని దగ్గర, అంటే యంత్రం, పేరు, సీసా దగ్గర ఆగిపోవడం సహజం. నేనూ అక్కడే ఆగిపోయాను.

నూనె విషయంలో ఆ చోటును తెలుసుకోవడానికి గానుగ అక్కరలేదు. అనుమతి ఉన్న మరో గానుగ దగ్గర 40 లీటర్లు కొని, వాళ్ల సీసాల్లోనే, పూర్తి ధరకు, బంధువులు కాని 20 ఇళ్లకు అమ్మండి. తగ్గింపు ఇవ్వకండి, ఇస్తే ఆ ఫలితం పనికిరాదు. తర్వాత ఆరు వారాలు మీరు ఫోను చేయకండి. వాళ్లంతట వాళ్లే ఎందరు అడిగారు, ఎన్ని లీటర్లు అడిగారు అన్నదే లెక్క. ఎంత వస్తే ముందుకు వెళ్తారో ముందే రాసిపెట్టుకోండి. తర్వాత రాస్తే మనసు అంకెను కిందికి దించుతుంది. మిగిలిన నూనె ఇంట్లో వాడుకోవచ్చు, పోయేది కొన్ని వేలే. 20 ఇళ్లలో ఫలితం బాగున్నంత మాత్రాన 75 ఇళ్లు దొరుకుతాయని కాదు, గింజల ధర పెరిగితే ఏమవుతుందో కూడా ఇది చెప్పదు. కానీ వద్దన్న జవాబు వస్తే దాన్ని నమ్మవచ్చు.

శ్రీగంధం చెడ్డదని నేను అనను. దాని బలహీనమైన చోటును తెలుసుకోవడానికి పట్టే కాలమే నన్ను ఆపుతుంది. డబ్బు వచ్చేది చెట్టు మధ్యలో గట్టిపడే చేవలో. మీ నేలలో చేవ ఎంత పడుతుందో తేలడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. విలువ వచ్చేసరికి దొంగల భయం మొదలవుతుంది. దీన్ని ఐదు వేలతో, ఆరు వారాల్లో పరీక్షించే దారి లేదు. చేయగలిగిందల్లా మీలాంటి నేలలో పదేళ్లు దాటిన తోటలు వెతికి, అక్కడ చేవ ఎంత పడిందో, కాపలాకు ఎంత అవుతోందో అడగడం. మొక్కలు అమ్మేవాళ్ల మాట దీనికి ఆధారం కాదు.

మీ స్థానంలో ఉంటే నేను ముందు ఆ 40 లీటర్లు కొంటాను. శ్రీగంధం మీద ఆశ వదులుకోలేకపోతే గట్టు వెంట పాతిక మొక్కలు పెట్టండి. అది పక్క మొక్కల వేళ్ల నుంచి ఆహారం తీసుకునే చెట్టు కాబట్టి మొదటి ఏళ్లలో తోడుగా కంది, ఆ తర్వాతకు ఎక్కువ కాలం బతికే మరో చెట్టు వేయండి. మిగతా పొలంలో ఎప్పటి పంటే ఉండనివ్వండి.